విదేశీ ఎంబీబీఎస్సా, ఇక్కడి బీ కేటగిరీ సీటా: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఏజెంటు చూపించే విదేశీ కాలేజీకి ఎన్‌ఎంసీ గుర్తింపు ఉంది.

వాస్తవం: జాతీయ వైద్య కమిషన్ ఏ విదేశీ కాలేజీకీ ముందుగా గుర్తింపు ఇవ్వదు. ప్రపంచ వైద్య కళాశాలల డైరెక్టరీలో పేరుండటం కూడా గుర్తింపు కిందికి రాదు. కమిషన్ చూసేది మీ చదువు 2021 నిబంధనలకు సరిపోయిందా లేదా అన్నదే. కోర్సు కనీసం 54 నెలలుండాలి, ఆపై అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. బోధన ఇంగ్లిష్‌లోనే సాగాలి. ఆ దేశ పౌరులతో సమానంగా అక్కడ ప్రాక్టీసు చేసే లైసెన్సుకు మీకూ అర్హత ఉండాలి.

చిక్కంతా ఏమిటంటే, ఈ లెక్క తేలేది మీరు తిరిగొచ్చాక. ఫిలిప్పీన్స్‌నే తీసుకోండి. అక్కడ ముందు బీఎస్ అనే సైన్స్ డిగ్రీ, తర్వాత నాలుగేళ్ల ఎండీ. ఏజెంటు రెండూ కలిపి ఐదారేళ్లని చెబుతాడు. వైద్య డిగ్రీ ఎండీ ఒక్కటే. నాలుగేళ్లంటే 48 నెలలు. ఆరు నెలలు తక్కువ. అందుకే చేరేముందే కోర్సు నెలలు, ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయాలి, విదేశీయుడికి లైసెన్సు వస్తుందా అన్న మూడింటికీ యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

అపోహ: నచ్చకపోతే మధ్యలో ఇంకో కాలేజీకి మారొచ్చు.

వాస్తవం: చదువంతా ఒకే సంస్థలో పూర్తవ్వాలి. మారితే లైసెన్సే చిక్కుల్లో పడుతుంది.

అపోహ: విదేశంలో చదివొచ్చినవాళ్లు ఇక్కడ రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ మామూలు అర్హత పరీక్షే.

వాస్తవం: 300 ప్రశ్నలకు 150 సరైనవి కావాలి, నెగెటివ్ మార్కులు లేవు. వినడానికి తేలికే. అయినా ఇటీవలి విడతల్లో రాసినవాళ్లలో మూడో వంతు కూడా గట్టెక్కలేదు. పాఠం ఇంగ్లిష్‌లో విన్నా రోగి మాట్లాడేది అక్కడి భాష. అది రాకపోతే వార్డులో నేర్చుకునేది తగ్గిపోతుంది, క్లినికల్ ప్రశ్నల దగ్గర ఆ లోటు బయటపడుతుంది.

అపోహ: విదేశంలో సగం ఖర్చుతో అయిపోతుంది.

వాస్తవం: ఉదాహరణకు ప్రైవేటు కాలేజీల్లో యాజమాన్య కోటా అయిన బీ కేటగిరీ ఫీజు ఏడాదికి 12 లక్షలనుకుంటే ఐదేళ్లకు 60 లక్షలు, హాస్టల్ అదనం. విదేశంలో ఫీజు, బస, తిండి, ప్రయాణాలు కలిపి ఏడాదికి ఆరు లక్షలనుకుంటే ఆరేళ్లకు 36 లక్షలు. తేడా నిజమే. అయితే ఇక్కడ ఐదున్నరేళ్లకే శాశ్వత రిజిస్ట్రేషన్ వస్తుంది. అక్కడ ఆరేళ్లు, పరీక్ష కోసం కనీసం కొన్ని నెలలు, మళ్లీ ఇక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటిసారే పాసైనా ఏడున్నరేళ్లకు దగ్గర పడుతుంది. తప్పిన ప్రతిసారీ మరో ఆర్నెల్లు, కోచింగ్ ఫీజు. పీజీ కూడా అంత వెనక్కి జరుగుతుంది.

బీ కేటగిరీ ఫీజును పొలం అమ్మకుండా, బ్యాంకు రుణంతో మోయగలిగితే మా ఓటు ఇక్కడి సీటుకే. దొరికేది అంతకంటే ఫీజు ఎక్కువుండే సీ కేటగిరీ, అంటే ఎన్నారై కోటా సీటు మాత్రమే అయితే లెక్క మారుతుంది. అప్పుడు పై మూడు జవాబులూ చేతికి వచ్చిన విదేశీ కాలేజీని నిస్సంకోచంగా పరిశీలించవచ్చు.