ఎంజాయ్ గోయింగా, ఎంజాయ్ టు గోనా: కొన్ని అపోహలు, అసలు సంగతులు

కడపలో నేను రెండు రకాల బ్యాచ్‌లకు ఇంగ్లీషు చెప్తాను. పొద్దున బ్యాంకు పరీక్షలవాళ్లు, సాయంత్రం స్పోకెన్ ఇంగ్లీషుకు వచ్చేవాళ్లు. మొదటివాళ్లకు తప్పు పట్టే ప్రశ్నల్లో మార్కు పోతుంది, రెండోవాళ్లకు ఇంటర్వ్యూలో నాలుక తడబడుతుంది. చాలాసార్లు కారణం ఒకటే. ఒక వెర్బ్ వెనకే ఇంకో వెర్బ్ వస్తే, ఆ రెండోదానికి ముందు ‘టు’ పెట్టాలా, చివర ‘ఇంగ్’ చేర్చాలా? టు గో లాంటిదాన్ని ఇన్ఫినిటివ్ అంటారు, గోయింగ్ లాంటిదాన్ని జెరండ్ అంటారు. పేర్లు అందరికీ వచ్చు. చిక్కంతా ఏది ఎక్కడ అన్నదే.

సాయంత్రం బ్యాచ్‌లో ఒక అబ్బాయి ఇంటర్వ్యూలో తన గురించి చెప్పుకోవడానికి రాసుకొచ్చిన ఐదు వాక్యాలు ఇవి:

“ఐ ఎంజాయ్ టు ట్రావెల్. లాస్ట్ మంత్ వుయ్ డిసైడెడ్ గోయింగ్ టు గండికోట. నియర్ ఎర్రగుంట్ల వుయ్ స్టాప్డ్ ఈటింగ్ దోశ. ఐ ఫర్గాట్ బ్రింగింగ్ మై చార్జర్. ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు జాయిన్ యువర్ కంపెనీ.”

ఐదింటిలోనూ గడబిడ ఉంది, కానీ అన్నీ ఒకే రకం కాదు. వీటిని పట్టుకునే నేను రోజూ వినే అపోహల గురించి చెప్తాను.

అపోహ: “అర్థమైతే చాలు గదా సార్, టు ఉంటే ఏమి, ఇంగ్ ఉంటే ఏమి?”

మొదటి వాక్యం విషయంలో ఈ మాట నిజమే. ‘ఎంజాయ్ టు ట్రావెల్’ అన్నా ఎదుటివాళ్లకు అర్థమవుతుంది, తప్పని కూడా తెలిసిపోతుంది, అంతే. రెండోదీ అంతే: ‘డిసైడెడ్ టు గో’ అనాలి. కానీ మూడో వాక్యం చూడండి. ‘స్టాప్డ్ ఈటింగ్ దోశ’ అన్నదాంట్లో గ్రామర్ తప్పు లేదు. దాని అర్థం ఎర్రగుంట్ల దగ్గర వీళ్లు దోశ తినడం మానేశారని. బండి ఆపి దోశ తిన్నామని చెప్పాలంటే ‘స్టాప్డ్ టు ఈట్’ కావాలి. అబ్బాయి చెప్పాలనుకున్నది ఒకటి, వాక్యం చెప్పింది ఇంకొకటి. వినేవాళ్లకు తేడా వచ్చిందని అనుమానం కూడా రాదు, కారం దోశ మంట తట్టుకోలేకపోయారేమో అనుకుంటారు.

అపోహ: “తెలుగులో ‘డం’ వస్తే ఇంగ్, ‘ఆలని’ వస్తే టు”

ఇది మన దగ్గర బాగా పాతుకుపోయిన చిట్కా. కొంతవరకు పనిచేస్తుంది కాబట్టే ఇంకా బతికుంది. ప్రయాణం చేయడం నాకు ఇష్టం, ‘ఎంజాయ్ ట్రావెలింగ్’. రాయడం పూర్తి చేశాను, ‘ఫినిష్డ్ రైటింగ్’. సిగరెట్ తాగడం మానేశాడు, ‘స్టాప్డ్ స్మోకింగ్’. వెళ్లాలని ఉంది, ‘వాంట్ టు గో’. ఇంతవరకు చక్కగా సరిపోయింది.

ఇప్పుడు “తాళం వేయడం మర్చిపోయాను” అన్నది తీసుకోండి. ‘డం’ ఉంది కదా అని ‘ఫర్గాట్ లాకింగ్’ అంటారు. కావలసింది ‘ఫర్గాట్ టు లాక్’. మన అబ్బాయి చార్జర్ దగ్గర పడింది సరిగ్గా ఈ గుంతలోనే: తీసుకురావడం మర్చిపోయాను అనుకుని ‘ఫర్గాట్ బ్రింగింగ్’ అని రాశాడు. అలాగే బండి నడపడం నేర్చుకున్నాను అన్నది ‘లర్న్డ్ టు డ్రైవ్’ అవుతుంది. చెప్పడానికి నిరాకరించాడు, ‘రెఫ్యూజ్డ్ టు టెల్’. చెప్పడం తప్పించుకున్నాడు, ‘అవాయిడెడ్ టెల్లింగ్’.

అటువైపు కూడా ఇదే తంతు. “బెంగళూరు వెళ్లాలని ఆలోచిస్తున్నా” అన్నదాన్ని కన్సిడర్‌తో చెప్తే ‘కన్సిడరింగ్ గోయింగ్’ అనాలి, అక్కడ టు నడవదు. “ఒంటిమిట్ట వెళ్లాలని సూచించాడు” అంటే ‘సజెస్టెడ్ గోయింగ్’. ఈ సజెస్ట్ దగ్గర మనవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి ‘సజెస్టెడ్ మి టు గో’ అంటారు. అదీ కుదరదు. మధ్యలో మనిషిని పెట్టాలంటే ‘సజెస్టెడ్ దట్ ఐ గో’ అనాలి, లేదా వెర్బ్‌నే మార్చి ‘అడ్వైజ్డ్ మి టు గో’ అనాలి. అడ్వైజ్ రెండు వేషాలు వేస్తుంది: మనిషి ఉంటే ‘అడ్వైజ్డ్ మి టు వాక్’, మనిషి లేకపోతే ‘అడ్వైజ్డ్ వాకింగ్’. అలో కూడా ఇంతే. ‘దే డోంట్ అలో పార్కింగ్ హియర్’, కానీ ‘దే డోంట్ అలో అజ్ టు పార్క్ హియర్’.

కాబట్టి రెండో వెర్బ్ ఏ రూపంలో ఉండాలో చెప్పేది మొదటి వెర్బే. మన తెలుగు వాక్యం దానికి సాక్ష్యం చెప్పలేదు.

అపోహ: “జరగబోయేదానికి టు, జరిగినదానికి ఇంగ్. ఇంతే రూలు”

ఈ మాట గాల్లోంచి రాలేదు. పాత ఇంగ్లీషులో ఇన్ఫినిటివ్ ముందున్న టు కూడా మామూలు ప్రిపొజిషనే, ‘ఫలానా వైపు’ అని దాని అర్థం. అందుకే వాంట్, హోప్, ప్లాన్, ప్రామిస్, అగ్రీ, డిసైడ్ లాంటి ముందుచూపు వెర్బ్‌ల వెనక టు సహజంగా వస్తుంది. అడ్మిట్, డినై లాంటివి ఎక్కువగా అప్పటికే జరిగినదాని గురించి మాట్లాడతాయి, వాటి వెనక ఇంగ్ వస్తుంది.

దీన్ని రూలు అన్నారంటే మాత్రం పరీక్షలో దెబ్బతింటారు. సజెస్ట్, కన్సిడర్, పోస్ట్‌పోన్ మూడూ ఇంకా జరగని పని గురించే, అయినా మూడూ ఇంగ్ అడుగుతాయి. ఇటువైపు మేనేజ్ చూడండి. ‘ఐ మేనేజ్డ్ టు గెట్ ఎ టికెట్’ అంటే టికెట్ దొరికేసింది, పని అయిపోయింది, అయినా టు. పేపరు తయారుచేసేవాళ్లకు ఇష్టమైన వెర్బ్‌లు ఇలాంటివే. నా మటుకు నేను ఈ చిట్కాను ఒక్కచోటే వాడమంటాను: ఒకే వెర్బ్ రెండు రూపాలనూ ఒప్పుకుని, అర్థం మార్చుకునేచోట.

అపోహ: “రిమెంబర్, ఫర్గెట్, స్టాప్, ట్రై వెనక ఏదైనా పెట్టుకోవచ్చు”

పెట్టుకోవచ్చు, కానీ ఏది పెడితే దాని అర్థమే వస్తుంది. ‘ఐ రిమెంబర్డ్ టు పే ద ఫీజ్’ అంటే ముందు గుర్తొచ్చింది, తర్వాత కట్టాను. ‘ఐ రిమెంబర్ పేయింగ్ ద ఫీజ్’ అంటే ముందు కట్టాను, కట్టిన సంగతి ఇప్పుడు గుర్తుంది. ఏది ముందు జరిగిందో అడిగి చూడండి. గుర్తురావడం ముందైతే టు, పని ముందైతే ఇంగ్. ఆఫీసు కౌంటర్ దగ్గర నిలబడి ఫీజు కట్టానని వాదించేవాడికి రెండో వాక్యం కావాలి.

ఫర్గెట్‌కూ ఇదే పరీక్ష. చార్జర్ తేవాలన్నది గుర్తురాలేదు, తేలేదు కూడా, కాబట్టి ‘ఫర్గాట్ టు బ్రింగ్’. ‘ఫర్గాట్ బ్రింగింగ్’ అంటే చార్జర్ తెచ్చాడు, తెచ్చిన సంగతే మర్చిపోయాడు. అలాంటి అవసరం ఎప్పుడో గానీ రాదు. వచ్చేది ఎక్కువగా ‘ఐ విల్ నెవర్ ఫర్గెట్ సీయింగ్ గండికోట’ లాంటి వాక్యాల్లో: చూశాను, ఆ చూడటాన్ని మరవలేను.

స్టాప్‌కు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: ఆగిపోయింది ఏది? దోశ తినడమే ఆగిపోతే ‘స్టాప్డ్ ఈటింగ్’. ప్రయాణం ఆగి, దోశ కోసం ఆగి ఉంటే ‘స్టాప్డ్ టు ఈట్’. ఇక్కడ టు అంటే కోసం.

ట్రై విషయం కొంచెం నాజూకు. ‘ట్రై టు ఓపెన్ ద విండో’ అంటే కిటికీ బిగుసుకుపోయింది, తెరవడమే కష్టం, గట్టిగా ప్రయత్నించు. ‘ట్రై ఓపెనింగ్ ద విండో’ అంటే కిటికీ సులువుగానే తెరుచుకుంటుంది, ఉక్క తగ్గుతుందేమో తెరిచి చూడు. మన మే నెల ఎండలకు రెండోది ఎంతవరకు పనిచేస్తుందో చెప్పక్కర్లేదు.

అపోహ: “టు వచ్చిందంటే దాని పక్కన వీ-వన్నే”

ఐదో వాక్యాన్ని ముంచింది ఇదే. చిన్నప్పటి నుంచి టు ప్లస్ వీ-వన్ అని చదివిన చేయి ‘లుకింగ్ ఫార్వర్డ్ టు’ దాకా రాగానే జాయిన్ అని రాసేస్తుంది. కానీ ఆ టు ఇన్ఫినిటివ్‌ది కాదు, ప్రిపొజిషన్. ప్రిపొజిషన్ తర్వాత వెర్బ్ వస్తే ఇంగ్ తోనే రావాలి: ‘లుకింగ్ ఫార్వర్డ్ టు జాయినింగ్ యువర్ కంపెనీ’.

ఏ టు ఏదో తెలుసుకోవడానికి క్లాసులో నేను చూపించే పద్ధతి తేలికైనది. టు పక్కన వెర్బ్ తీసేసి ‘ఇట్’ పెట్టి చూడండి. ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’, నిలబడింది. అంటే ప్రిపొజిషన్, ఇంగ్ కావాలి. ‘ఐ వాంట్ టు ఇట్’, నిలబడలేదు. అంటే ఇన్ఫినిటివ్, వీ-వన్ కావాలి. దీనితో యూజ్డ్ టు తలనొప్పి కూడా పోతుంది. ‘ఐ యామ్ యూజ్డ్ టు ఇట్’ బాగుంది కాబట్టి ‘ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎర్లీ’, పొద్దున్నే లేవడం అలవాటైపోయింది. ‘ఐ యూజ్డ్ టు ఇట్’ అంటే ఈ అర్థంలో కుదరదు కాబట్టి ‘ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎర్లీ’, ఒకప్పుడు లేచేవాణ్ని, ఇప్పుడు లేదు. ఆబ్జెక్ట్ టు కూడా ఇట్ పరీక్షలో నిలబడుతుంది, ఇంగ్ తీసుకుంటుంది.

అపోహ: “లిస్టు బట్టీ కొడితే అయిపోతుంది”

లిస్టు లేకుండా పని జరగదు, అది నిజం. కానీ ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్ అని ఉత్త పేర్లు వల్లెవేస్తే పరీక్ష హాల్లో ఏది ఏ వరసలోదో కలిసిపోతుంది. వెర్బ్‌ను దాని తోకతో సహా నేర్చుకోవాలి: ఎంజాయ్ డూయింగ్, మైండ్ డూయింగ్, అఫర్డ్ టు డూ. ఇది నోటికి పట్టించాల్సిన పని, కళ్లతో చదివితే రాదు.

అపోహ: “ప్రతి వెర్బ్‌కూ ఒకటే రైటు”

స్టార్ట్, బిగిన్, కంటిన్యూ దగ్గర టెన్షన్ పడకండి. ‘స్టార్టెడ్ వర్కింగ్’, ‘స్టార్టెడ్ టు వర్క్’ రెండూ సరైనవే. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, మొదటి వెర్బే ఇంగ్ లో ఉంటే రెండోదానికి టు పెట్టండి: ‘ఇట్ ఈజ్ స్టార్టింగ్ టు రెయిన్’. స్టార్టింగ్ రెయినింగ్ అంటే చెవికే ఎబ్బెట్టుగా ఉంటుంది. లైక్, లవ్, హేట్ కూడా రెంటికీ ఒప్పుకుంటాయి. కానీ ముందు వుడ్ చేరిందంటే టు తప్పనిసరి. ‘ఐ లైక్ గోయింగ్ టు ఒంటిమిట్ట’ అంటే వెళ్లడం నాకు ఇష్టం. ‘ఐ వుడ్ లైక్ టు గో టు ఒంటిమిట్ట’ అంటే వెళ్లాలని ఉంది, బస్సు ఎన్నింటికని అడుగుతున్నాను.