నెలకో రీస్టార్ట్ సరిపోతుందా? 49.7 రోజుల గొడవ వెనక కథ

భీమిలి వైపు రొయ్యల హేచరీల్లో, ట్యాంకుల నీళ్లలోకి గాలి కొట్టే బ్లోయర్ల కంట్రోల్ ప్యానెళ్ల గొడవ మళ్లీ మొదలైంది. ఈసారి ఒక హేచరీలో రాత్రిపూట మెయిన్ బ్లోయర్ ట్రిప్ అయింది. గాలి ఒత్తిడి పడిపోతే దానంతటదే ఆన్ కావాల్సిన స్టాండ్‌బై బ్లోయర్ కదలలేదు. ట్యాంకుల్లో రొయ్యపిల్లల సీడ్ పోయింది. ప్యానెల్ చేసిచ్చిన ఆటోనగర్ వర్క్‌షాపు వాళ్లది ఒకటే మాట: నెలకోసారి ఆఫ్ చేసి ఆన్ చేయమని ముందే చెప్పాం, మీరు చేయలేదు. ప్రోగ్రామే మార్చాలని హేచరీ మెయింటెనెన్స్ ఇంజనీరు పట్టుబడుతున్నారు.

విండోస్ 95 కంప్యూటర్ 49.7 రోజులకు బిగుసుకుపోయేదన్న సంగతి ఈ పనిలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. 32 బిట్ల కౌంటర్ మిల్లీసెకన్లు లెక్కపెడితే 4,29,49,67,295 దాకా వెళ్లి మళ్లీ సున్నాకొస్తుంది. అంటే 49 రోజుల 17 గంటలు, ఇంకో మూడు నిమిషాలకు కాస్త తక్కువ. ఈ ప్యానెళ్లలో ఉన్నదీ ఇలాంటి కౌంటరే, కానీ ఇవాళ్టి తగువుకి దీనికంటే దగ్గరి ఉదాహరణ 2004 నాటిది.

ఆ ఏడాది సెప్టెంబరు 14న లాస్ ఏంజెలెస్ ప్రాంతపు విమానాలను నడిపించే కంట్రోల్ సెంటర్‌కి పైలట్లతో మాట్లాడే రేడియో వ్యవస్థ ఆగిపోయింది. బ్యాకప్ కూడా ఆన్ చేసిన కాసేపటికే పడిపోయింది. మూడు గంటలకు పైగా మాట లేదు. విమానాలు ఢీకొనకపోవడం అదృష్టం. ఆ వ్యవస్థలోనూ ఇదే మిల్లీసెకన్ల కౌంటర్. అది అయిపోతే సిస్టమ్ ఆగిపోతుందని అధికారులకు ముందే తెలుసు. అందుకే 30 రోజులకోసారి రీస్టార్ట్ చేయాలని రూలు పెట్టారు. ఒకసారి చేయలేదు, అంతే. తప్పు మనిషిదేనన్న మాట అప్పుడూ గట్టిగానే వినిపించింది.

లెక్క చూడండి. 30 రోజులకోసారి అనుకున్న పని ఒక్కసారి తప్పితే 60 రోజులవుతుంది, గడువేమో 49.7. అంటే ఒక్క మరుపుకి కూడా ఆ రూల్లో చోటు లేదు. ఆటోనగర్ వాళ్ల సర్వీసు కార్డులో రాసిందీ సరిగ్గా ఇదే పద్ధతి.

ఇక ప్యానెల్లో జరిగిందేమిటి? ప్రోగ్రాం ప్రతి 30 సెకన్లకు గాలి ఒత్తిడి చూడాలి, తక్కువుంటే స్టాండ్‌బై వేయాలి. మెయిన్ లూపు 10 మిల్లీసెకన్లకోసారి తిరుగుతుంది. ఇంజనీరు చూపించిన కోడ్ సారాంశం ఇది. ఇందులో `millis()` అంటే ప్యానెల్ ఆన్ అయినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లు, `next` అంటే తర్వాతి చెక్ జరగాల్సిన టైము:

```c
uint32_t now = millis();
if (now >= next) {
  check_pressure();
  next += 30000;
}
```

చూడ్డానికి ఏ తప్పూ లేదు. ప్యానెల్ ఆన్ చేసినప్పటి నుంచి 30,000 చొప్పున పెరుగుతూ పోతే, కౌంటర్ తిరగబడి సున్నాకొచ్చేలోపు చివరి చెక్ 4294950000 దగ్గర జరుగుతుంది. దానికి 30,000 కలిపితే 32 బిట్లలో పట్టదు, అందుకే `next` 12704 అవుతుంది. `now` ఇంకా 429 కోట్ల పైనే ఉంది కాబట్టి లూపు తిరిగిన ప్రతిసారీ షరతు నిజమే. మిగిలిన 17 సెకన్లలో చెక్ 1729 సార్లు జరుగుతుంది. (అవును, రామానుజన్ టాక్సీ నంబరే. ఇక్కడ దానికి ఏ విశేషమూ లేదు.) ప్రతిసారీ `next` మరో 30,000 పెరిగి చివరికి 5,18,82,704 దగ్గర ఆగుతుంది. అప్పుడు కౌంటర్ సున్నాకొస్తుంది. అక్కడి నుంచి ఆ అంకె చేరేదాకా, అంటే 14 గంటల 24 నిమిషాల పాటు, ప్యానెల్ ఒత్తిడి వైపు చూడనే చూడదు. ఆ తర్వాత ఏమీ జరగనట్టు మరో 49 రోజులు చక్కగా పనిచేస్తుంది.

ఇన్నాళ్లూ ఎవరికీ పట్టుబడకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. ఆ 14 గంటల్లో మెయిన్ బ్లోయర్ బాగానే తిరిగితే ఎవరికీ ఏమీ తెలియదు. పైగా ఒకప్పుడు కరెంటు పోయినప్పుడల్లా ప్యానెల్ కూడా ఆగి, కౌంటర్ మళ్లీ మొదటికొచ్చేది. కంట్రోలర్‌కి యూపీఎస్ పెట్టాకే కౌంటర్ చివరిదాకా వెళ్లడం మొదలైంది. సీడ్ పోయిన మర్నాడు ప్యానెల్ ఆఫ్ చేసి ఆన్ చేశారు, అది పనిచేసింది. దాంతో ‘ప్యానెల్ బాగానే ఉంది’ అని తేల్చేశారు. ప్యానెల్ ఎప్పటి నుంచి ఆగకుండా నడుస్తోందో ఆఫ్ చేయకముందే రాసిపెట్టుకుంటే ఈ తగువు సగం తీరిపోయేది.

మార్పు చిన్నదే. రాబోయే సమయంతో పోల్చడం మానేసి, చివరి చెక్ టైము `last` నుంచి గడిచిన సమయాన్ని తీసివేతతో కొలవాలి:

```c
if ((uint32_t)(now - last) >= 30000UL) {
  last += 30000UL;
  check_pressure();
}
```

`last` 4294950000, `now` 12704 అనుకోండి. మామూలు తీసివేతలో పెద్ద మైనస్ సంఖ్య వస్తుంది. గుర్తు లేని 32 బిట్ల లెక్కలో మాత్రం సరిగ్గా 30,000 వస్తుంది. కౌంటర్ మధ్యలో తిరగబడినా తేడా తప్పుగా రాదు. ముందున్న `uint32_t` అలంకారం కాదు. ఇదే కోడ్‌ని కంప్యూటర్ మీద పరీక్షించేటప్పుడు వేరియబుల్స్ 64 బిట్లవి అయితే, లేదా 16 బిట్ల కౌంటర్ వాడితే, తేడాని కౌంటర్ ఎన్ని బిట్లదో సరిగ్గా అన్ని బిట్లకే, అంటే 16 బిట్లదైతే `uint16_t`కి, కుదించకపోతే లెక్క చెడుతుంది.

వర్క్‌షాపు వాళ్ల మాటలో ఒక పాయింట్ మాత్రం ఒప్పుకోవాలి. తీసివేత అన్నిటికీ మందు కాదు. స్టాండ్‌బై ఒకసారి ఆగాక 5 నిమిషాల దాకా మళ్లీ వేయకూడదని మోటార్ రక్షణకు వాళ్లు ఒక లాకౌట్ పెట్టారు. స్టాండ్‌బై చివరిసారి ఆగి 49.7 రోజులైతే, తీసివేత ఆ పాత సంఘటనని ఇప్పుడే జరిగినట్టు చూపిస్తుంది. ఆ 5 నిమిషాలూ బ్లోయర్ లేవదు. ఎప్పుడో గాని నడవని స్టాండ్‌బైకి ఇది నిజమైన చిక్కే. దీనికి రీస్టార్ట్ జవాబు కాదు. 5 నిమిషాలు గడవగానే ‘లాకౌట్ అయిపోయింది’ అని ఒక ఫ్లాగ్‌లో రాసుకుని, ఆపైన ఆ టైము చూడటం మానేస్తే సరి.

సరిచేశారో లేదో చూడటానికి 49 రోజులు కూర్చోనక్కర్లేదు. లినక్స్ కెర్నల్ తన కౌంటర్‌ని సున్నా నుంచి కాకుండా, 32 బిట్లు తిరగబడటానికి 5 నిమిషాల ముందు నుంచి మొదలుపెడుతుంది. ఇలాంటి తప్పుంటే బూట్ అయిన 5 నిమిషాలకే బయటపడాలని. ప్యానెల్లోనూ అదే చేయొచ్చు:

```c
uint32_t now_ms(void) {
  return (uint32_t)millis() - 300000UL;
}
```

ప్రోగ్రాం అంతటా `millis()` బదులు ఇదే పిలవాలి, మొదటి `last` కూడా దీన్నుంచే తీసుకోవాలి. ఆన్ చేసి అయిదు నిమిషాలు దాటగానే మెయిన్ బ్లోయర్ స్విచ్ తీసేసి, స్టాండ్‌బై అరనిమిషంలో లేస్తుందో లేదో చూడాలి. ఈ పరీక్ష తమ ముందే జరగాలని హేచరీ వాళ్లు అడుగుతున్నారు. ఊళ్లో పెట్టిన ప్యానెళ్లన్నిటికీ తిరిగి కొత్త ప్రోగ్రాం ఎక్కించే ఖర్చు ఎవరిదన్న దగ్గర వర్క్‌షాపు ఆగింది.