కోర్టు సాక్షికి సెలవు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ ఉద్యోగుల సెలవు దరఖాస్తులు చూసే సెక్షన్‌లో పనిచేస్తున్నాను. సమన్లు అందగానే చాలామంది తమ సీఎల్ తగ్గిపోతుందని టెన్షన్ పడతారు.

అపోహ: సాక్ష్యానికి వెళ్తే సీఎల్ పెట్టాల్సిందే.

వాస్తవం: ముందు చూడాల్సింది ఆ కేసుతో మీకు సొంత ప్రయోజనం ఉందా లేదా అన్నది. పలాస దగ్గర పనిచేసే ఒక టీచర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఆయన సెలవు రోజున ఎచ్చెర్ల దగ్గర జాతీయ రహదారిపై జరిగిన ప్రమాదాన్ని కళ్ళారా చూశారు. ఏడాది తర్వాత శ్రీకాకుళం కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. ప్రమాదంలో ఎవరూ ఆయన బంధువులు కారు, కేసులో ఆయనకు లాభనష్టాలు లేవు. రాష్ట్ర సెలవు నిబంధనల ప్రకారం ఇలాంటి సాక్షికి స్పెషల్ క్యాజువల్ లీవ్ ఇవ్వొచ్చు. ప్రయాణానికి తప్పనిసరిగా పట్టే సమయం కూడా అందులోకే వస్తుంది. ఏడాదికి ఉండే 15 సీఎల్‌లలో ఒక్కటీ తగ్గదు.

అదే టీచర్ తన సొంత భూమి తగాదాలో కోర్టుకెళ్తే మాత్రం మామూలు సెలవే పెట్టుకోవాలి. ఇక వీఆర్వో తాను ఉద్యోగ బాధ్యతగా రాసిన పంచనామా గురించి క్రిమినల్ కేసులో చెప్పడానికి వెళ్తే అది డ్యూటీయే. సెలవు అడగక్కర్లేదు, టీఏ బిల్లు కూడా పెట్టుకోవచ్చు.

దరఖాస్తులో "ఫలానా కోర్టు, ఫలానా నంబరు కేసులో, ఫలానా తేదీన సాక్షిగా హాజరు కావాలి. ఈ కేసులో నాకు సొంత ప్రయోజనం లేదు. సమన్ల నకలు జత చేశాను" అని రాస్తే చాలు. ఆ రెండో వాక్యం లేకపోతే ఫైలు వెనక్కి వస్తుంది. ఇచ్చేది జిరాక్స్ మాత్రమే. అసలు సమన్లు మీతోపాటు కోర్టుకు తీసుకెళ్ళాలి.

అపోహ: ఆఫీసులో పని ఉంటే పైఅధికారి ఆపొచ్చు.

వాస్తవం: ఆపలేరు. ప్రభుత్వ ఉద్యోగికి సమన్లను సాధారణంగా కార్యాలయ అధిపతి ద్వారానే పంపుతారు. ఉద్యోగికి అందించి, సంతకంతో కోర్టుకు తిప్పి పంపడం ఆయన బాధ్యత. వాయిదా ఇవ్వాలా వద్దా అనేది జడ్జి చేతిలో ఉంటుంది. కారణం లేకుండా గైర్హాజరైతే వారెంట్ రావచ్చు. భారతీయ న్యాయ సంహిత 208వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఆ శిక్ష పడేది ఉద్యోగికి. అందుకే "వద్దు" అని నోటిమాటగా చెప్పిన అధికారిని నమ్మి ఆగిపోకండి.

అపోహ: సాక్ష్యం తీసుకోకుండా వాయిదా వేస్తే ఆ రోజు లెక్కలోకి రాదు.

వాస్తవం: హాజరైనట్టు కోర్టు ధ్రువపత్రం ఉంటే వస్తుంది. మధ్యాహ్నం వరకు కూర్చున్నాక "మళ్ళీ రండి" అన్నా సరే, ధ్రువపత్రం తీసుకోకుండా బయటికి రాకండి. తర్వాతి తేదీని బెంచ్ క్లర్కును అడిగి రాసుకోండి. ఆ తేదీకి మళ్ళీ కొత్త దరఖాస్తు పెట్టాలి, పాత ధ్రువపత్రం నకలు జత చేస్తే తేదీ గురించి ఎవరూ అడ్డు ప్రశ్న వేయరు.