నంబర్ మారింది, మెయిల్ మారింది: రిక్రూటర్‌కి చెప్పే విషయంలో అపోహలు - వాస్తవాలు

నేను రిక్రూటర్‌ని. ఇంటర్వ్యూకి రాని క్యాండిడేట్ పేరు ఎదురుగా మా సిస్టమ్‌లో "నో షో" అని పడుతుంది. అలా పడినవాళ్లలో కొందరికి అసలు కబురే అందలేదని తర్వాత తెలిసినప్పుడు చాలా బాధేస్తుంది.

అపోహ: జాబ్ సైట్‌లో ప్రొఫైల్ మార్చేశాను, రిక్రూటర్‌కి అదే కనిపిస్తుంది.

వాస్తవం: మీరు అప్లై నొక్కిన రోజున ఉన్న వివరాలే సాధారణంగా కంపెనీ సిస్టమ్‌లోకి కాపీ అవుతాయి. తర్వాత సైట్‌లో ఏం మార్చినా ఆ కాపీ చాలావరకు అలాగే ఉంటుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్ల దగ్గరున్న రెజ్యూమె కూడా పాతదే.

ఒకమ్మాయి కాలేజీ ఇచ్చిన మెయిల్‌తో అప్లై చేసింది. రెండో రౌండ్ బాగా చేసింది. ఆ వారమే నంబర్ మార్చి, సొంత మెయిల్ తెరిచి, రెండూ జాబ్ సైట్‌లో సరిచేసుకుంది. మూడో రౌండ్ గురువారం 11 గంటలకి పెట్టి ఇన్వైట్ పంపాను. అది కాలేజీ మెయిల్‌కి వెళ్లింది. ఆ మెయిల్‌బాక్స్ ఇంకా మూతపడలేదు కాబట్టి మెయిల్ తిరిగి రాలేదు, నాకు అనుమానమూ రాలేదు. ప్యానెల్ 11:15 దాకా కూర్చుంది. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. సోమవారం ఆ అమ్మాయి నుంచి మెయిల్: "మేడమ్, తర్వాతి రౌండ్ ఎప్పుడో ఇంకా చెప్పలేదు." జరిగింది మేనేజర్‌కి వివరించి ఇంకో స్లాట్ ఇప్పించాను కానీ, అప్పటికే వేరే క్యాండిడేట్ ఆఖరి రౌండ్ దాకా వెళ్లిపోయాడు.

అపోహ: ఫోన్ చేసి చెప్తే చాలు.

వాస్తవం: ఫోన్‌లో చెప్పిన మెయిల్ ఐడీలో ఒక్క అక్షరం తప్పు విన్నా మేం పంపేది ఇంకెవరికో వెళ్లొచ్చు. చెప్పండి, కానీ రాతపూర్వకంగా కూడా పంపండి. రిక్రూటర్‌తో ఇంతకుముందు నడిచిన మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. పాత మెయిల్ ఇంకా తెరుచుకుంటుంటే అందులోంచే పంపి, కొత్తదాన్ని సీసీలో పెట్టండి. ముక్కూ మొహం తెలియని అడ్రస్ నుంచి "ఇక నుంచి అన్నీ ఇక్కడికి పంపండి" అని వస్తే, అది మీరేనని మాకెలా తెలుస్తుంది? ఆఫర్ లెటర్‌లో మీ జీతం, ఇంటి చిరునామా ఉంటాయి. పాత మెయిల్ నుంచి వచ్చిన రిప్లై మా అనుమానాన్ని చాలావరకు తీరుస్తుంది.

ఇంత రాస్తే సరిపోతుంది:

"నమస్కారం మేడమ్. ఫలానా పోస్టుకి అప్లై చేశాను, అప్లికేషన్ ఐడీ ఇది. రెండో రౌండ్ ఫలానా తేదీన అయింది. నా ఫోన్ నంబర్, మెయిల్ మారాయి. పాతవి: … కొత్తవి: … పాత నంబర్ ఇప్పటికే పనిచేయడం లేదు, పాత మెయిల్ ఈ నెలాఖరు వరకు చూస్తాను. సిస్టమ్‌లో మార్చి, ఇప్పటికే పంపిన ఇన్వైట్ ఏదైనా ఉంటే కొత్త మెయిల్‌కి మళ్లీ పంపగలరు. కొత్త రెజ్యూమె జతచేశాను."

పాతవి కూడా రాయమన్నది ఊరికే కాదు. సిస్టమ్‌లో మీ ఫైల్‌ని మేం వెతికేది వాటితోనే. పాత మెయిల్ మూతపడిపోతే ఇదే సందేశం కొత్తదాన్నుంచి పంపండి. అప్పుడు రిక్రూటర్ ఒకటి రెండు ప్రశ్నలు అడిగి మీరేనని నిర్ధారించుకోవచ్చు, నొచ్చుకోకండి. గుర్తింపు కార్డు నంబర్లు, బ్యాంకు వివరాలు మాత్రం ఈ మెయిల్‌లో పెట్టొద్దు.

అపోహ: కొత్త మెయిల్‌తో మళ్లీ అప్లై చేస్తే పని అయిపోతుంది.

వాస్తవం: చాలా సిస్టమ్‌లు మనిషిని మెయిల్ ఐడీతోనే గుర్తుపడతాయి. మీ పేరుతో రెండో ఫైల్ తయారవుతుంది. మీ రౌండ్ల ఫీడ్‌బ్యాక్ మొదటి దాంట్లోనే ఉండిపోతుంది.

అపోహ: రిక్రూటర్ "అప్‌డేట్ చేశాను" అన్నారు, ఇక అన్నీ కొత్తదానికే వస్తాయి.

వాస్తవం: ఇకపై పంపేవి వస్తాయి. ఇప్పటికే వెళ్లిన క్యాలెండర్ ఇన్వైట్, ఆన్‌లైన్ టెస్ట్ లింక్ పాత అడ్రస్‌తోనే ముడిపడి ఉంటాయి, వాటిని మళ్లీ పంపించుకోవాలి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ బయటి ఏజెన్సీ చేస్తుంటే వాళ్ల దగ్గరికి మీ పాత నంబర్ ముందే చేరి ఉండొచ్చు. "ఏజెన్సీకి కూడా మార్పు పంపారా?" అని విడిగా అడగండి.

మార్పు పడిందో లేదో తెలుసుకోవడానికి, రిక్రూటర్ చేత్తో రాసిన మెయిల్ కొత్త ఇన్‌బాక్స్‌కి రావడం చాలదు, అది మీ మెయిల్‌కి రిప్లై మాత్రమే. సిస్టమ్ దానంతటది పంపే మెయిల్, అంటే ఇన్వైటో రిమైండరో, ఎక్కడికి వచ్చిందో చూడండి. ఉద్యోగంలో చేరేదాకా పాత మెయిల్‌ని వదలకుండా, కొత్తదానికి ఆటోమేటిక్‌గా ఫార్వర్డ్ అయ్యేలా పెట్టుకోండి. అలా ఫార్వర్డ్ అయిన ఇన్వైట్‌కి కొత్త అడ్రస్ నుంచి "వస్తాను" నొక్కితే మీ జవాబు సరిగ్గా నమోదు కాకపోవచ్చు. అలాంటప్పుడు ఫలానా రోజు, ఫలానా సమయానికి వస్తున్నానని రిక్రూటర్‌కి విడిగా ఒక్క వాక్యం రాయండి.