నేను సైకిల్ కావాలి అంటే ఏమవుతుంది?

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం శనివారం అందింది. అమ్మమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. పూర్తిగా తెలుగులో రాశారు కాబట్టి పూర్తిగా తెలుగు ఉత్తరంలాగే చూశాను. అందులో మూడు వాక్యాల దగ్గర మాత్రం ఆగాను.

"నేను మీ ఊరి మామిడిపళ్ళు చాలా ఇష్టం."
"నేను స్కూలు నుంచి రాగానే ఆకలి వేస్తాను."
"నేను కొత్త సైకిల్ కావాలి."

మూడింటిలోనూ ఒకటే తప్పు. 'నాకు' రావలసిన చోట 'నేను' వచ్చింది. రెండో దానిలో ఆ 'నేను'ను బట్టి క్రియ కూడా 'వేస్తాను' అయిపోయింది. ఇంగ్లీషులో ఇష్టమైనా, ఆకలైనా, అవసరమైనా 'ఐ' అనే మొదలవుతుంది కదా, ఆ అలవాటే ఇక్కడికీ వచ్చింది. తెలుగులో ఆకలి మనం చేసే పని కాదు, మనకు కలిగేది. అందుకే ఆ మనిషి పక్కన కు గానీ కి గానీ చేరుతుంది. నాకు, మాకు, అక్కకు, తమ్ముడికి. మీరుండే బెంగళూరులో పక్కింటి పిల్లలు "ననగె హసివాగిదె", "ననగె నీరు బేకు" అనడం వినే ఉంటారు. ఆ 'ననగె' మన 'నాకు'.

అలాగని ఇష్టం, ఆకలి అనే మాట కనపడగానే 'నాకు' పెట్టేస్తే మళ్ళీ తప్పుతారు. "నేను ఆకలితో ఉన్నాను" సరైన వాక్యమే. "నేను మామిడిపళ్ళు ఇష్టపడతాను" కూడా సరైనదే. కాబట్టి అర్థం ఒక్కటే చూస్తే చాలదు, వాక్యం చివరనున్న క్రియను చూడాలి. నేను చూసే పద్ధతి చెబుతాను. 'నేను' తీసేసి అదే సంగతి వాళ్ళ గురించి చెప్పి చూడండి. క్రియ చివర మారుతుందా, మారదా?

ఇష్టపడతాను అన్నది వాళ్ళ విషయంలో ఇష్టపడతారు అయింది. ఉన్నాను అన్నది ఉన్నారు అయింది. క్రియ మనిషిని బట్టి మారుతోంది, కాబట్టి ఆ మనిషి నేను, వాళ్ళు అనే రూపంలోనే ఉండాలి. ఇప్పుడు ఆకలి చూడండి. నా ఆకలైనా వాళ్ళ ఆకలైనా "ఆకలి వేస్తుంది" అనే అంటాం. క్రియ కదల్లేదు. ఎందుకంటే అది ఆకలితో కలిసింది, మనిషితో కాదు. వేసేది ఆకలి, మనం కాదు. కాబట్టి నాకు ఆకలి వేస్తుంది, వాళ్ళకు ఆకలి వేస్తుంది. దాహం వేసినా, చలి వేసినా, భయం వేసినా, నిద్ర వచ్చినా ఇంతే. అదే భయాన్ని 'పడు'తో చెబితే నేను భయపడ్డాను, వాళ్ళు భయపడ్డారు అని మారుతుంది, కాబట్టి 'నేను' తిరిగొస్తుంది.

'నచ్చడం' దగ్గర కాస్త జాగ్రత్త. అక్కడ క్రియ మారుతుంది, కానీ నచ్చినదాన్ని బట్టి మారుతుంది. నాకు ఈ పండు నచ్చింది. నాకు ఈ పళ్ళు నచ్చాయి. నాకు నువ్వు నచ్చావు. వాళ్ళకు నేను నచ్చాను. ఈ చివరి వాక్యం ఒకసారి పైకి చదవండి. ఇష్టం కలిగింది వాళ్ళకు, క్రియ కలిసింది నాతో.

నచ్చిన వస్తువుకు ని, ను చేర్చకూడదు. "ఈ పండుని నచ్చింది" అనం. "నాకు నిన్ను ఇష్టం" అని కూడా ఈమధ్య వింటున్నాను, అది నా చెవికి ముల్లులా తగులుతుంది. నాకు నువ్వంటే ఇష్టం అనాలి. కానీ "నాకు నిన్ను చూడాలని ఉంది" సరైనదే, ఎందుకంటే అక్కడ 'నిన్ను' అన్నది 'చూడు' అనే క్రియకు చెందింది.

ఇక సైకిల్. ఇక్కడ నా పద్ధతి పనిచేయదు. 'ఆలి'తో ముగిసే క్రియ ఎవరికీ మారదు. నేను వెళ్ళాలి, వాళ్ళు వెళ్ళాలి. మారలేదు కదా అని "నాకు వెళ్ళాలి" అంటే తప్పవుతుంది. (నాకు వెళ్ళాలని ఉంది అంటే వేరు, అది కోరిక.) 'తినలేదు' లాంటివీ మారవు. అలాంటప్పుడు క్రియను మామూలు రూపంలోకి తెచ్చి చూడండి. వెళ్ళాలి అన్నది వెళ్తాను అవుతుంది, చివర 'ను' కనపడుతుంది, కాబట్టి నేను వెళ్ళాలి.

మరి 'కావాలి'? దీనికి రెండు అర్థాలున్నాయి. "నాకు డాక్టర్ కావాలి" అంటే ఒంట్లో బాగాలేదు, డాక్టరు అవసరం. "నేను డాక్టర్ని కావాలి" అంటే చదివి డాక్టరు అవుతాను. రెండో దాన్ని మామూలు రూపంలోకి తెస్తే 'అవుతాను' వస్తుంది. ఇప్పుడు మీ వాక్యాన్ని అలా మార్చండి. "నేను సైకిల్ కావాలి" అంటే "నేను సైకిల్ అవుతాను". మీరు అడిగింది అది కాదు కదా! నాకు కొత్త సైకిల్ కావాలి. అక్కర్లేకపోయినా 'నాకు' పోదు: నాకు సైకిల్ వద్దు, నాకు అక్కర్లేదు.

పెద్దది విభక్తులు నేర్చుకుంటోంది కాబట్టి దానికి ఇంకో మాట. కి, కు, యొక్క, లో, లోపల అని షష్ఠిలో వల్లెవేస్తారే, ఆ కి, కు ఇవే. బడి వ్యాకరణం ప్రకారం "నాకు ఆకలి వేసింది"లో కర్త ఆకలి. క్రియ దానితోనే కలిసింది కాబట్టి అది న్యాయమే. కానీ భాషాశాస్త్రం చదివినవాళ్ళు ఆ 'నాకు'లోనూ కొంత కర్త గుణం ఉందంటారు. ఎలాగో చూడండి. "అక్క తమ్ముడికి తన సైకిల్ ఇచ్చింది." సైకిల్ ఎవరిది? అక్కది. మామూలుగా 'తన' కర్త దగ్గరికి పోతుంది, పుచ్చుకున్న తమ్ముడి దగ్గరికి పోదు. ఇప్పుడు "తమ్ముడికి తన సైకిలంటే ఇష్టం" చదవండి. ఈసారి 'తన' సరాసరి తమ్ముడిదే అయింది. రెండుచోట్లా ఉన్నది 'తమ్ముడికి' అనే మాటే. మొదటి దానిలో వాడు పుచ్చుకున్నవాడు, రెండో దానిలో ఇష్టం కలిగినవాడు. రెండిటినీ ఒకే కు, కి కింద వేసి వదిలేయడం నాకు ఎప్పుడూ తృప్తినివ్వలేదు. నీకేమనిపిస్తుందో రాయి.

మీ ఉత్తరం చివర "మేము మీకు గుర్తున్నామా తాతయ్యా?" అని రాశారు. ఆ వాక్యంలో దిద్దడానికి ఏమీ లేదు. గుర్తు ఉండవలసింది మాకు, అందుకని 'మీకు' వచ్చింది. గుర్తున్నది మీరు, అందుకని క్రియ 'ఉన్నామా' అయింది. ఇంత మెలికను ఎవరూ చెప్పకుండానే సరిగ్గా రాశారు.

నాకు మీరిద్దరూ గుర్తున్నారు. సాయంత్రం నాలుగింటికి, మీకు ఆకలి వేసే వేళకు, మరీ గుర్తొస్తారు.

మీ తాతయ్య