కుంగిన వంపుకి వేసిన పలక: ఇన్సోల్ కథ

రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకి కాళ్లు నొప్పెడితే అందరి కళ్లూ ముందు పాదం వంపు మీద పడతాయి. "నీది చదును పాదం, అందుకే నొప్పి" అనేస్తారు. ఈ మాట వెనక వందేళ్లు దాటిన చరిత్ర ఉంది.

19వ శతాబ్దం చివర్లో రాయల్ విట్‌మన్ అనే అమెరికా ఎముకల డాక్టర్ కుంగిన పాదాన్ని సరిచేయాల్సిన లోపంగా చూశారు. అరికాలి ఆకారానికి వంచిన ఉక్కు పలకను షూలో పెట్టించేవారు. ఆ తర్వాత విలియం షోల్ 1906లో షికాగోలో కంపెనీ పెట్టి షూలో వంపు కింద పెట్టుకునే ఆర్చ్ సపోర్టు ఇన్సోల్‌ను చెప్పుల దుకాణాల్లోకి తెచ్చారు. పాదం గురించి దుకాణం గుమాస్తాలకే పాఠాలు చెప్పించారు. అలా వంపు తక్కువగా ఉండటం దానంతటదే ఒక జబ్బనీ, దానికి కింద ఆసరా పెట్టడమే మందనీ జనంలో పాతుకుపోయింది.

ఆ నమ్మకాన్ని గట్టిగా పరీక్షించింది రెండో ప్రపంచ యుద్ధం. కెనడా సైన్యంలో హారిస్, బీత్ అనే ఇద్దరు డాక్టర్లు 3,600 మందికి పైగా సైనికుల పాదాలు పరీక్షించి 1947లో నివేదిక ఇచ్చారు. వంపు తక్కువైనా పాదం మెత్తగా కదులుతూ, పిక్క కండరాన్ని మడమకి కలిపే స్నాయువు పొట్టిగా లేకపోతే, అది మామూలు బలమైన పాదమేనని తేల్చారు. ఇబ్బంది పెట్టేవి వేరే: ఆ స్నాయువు బిగుసుకుపోయిన పాదాలు, ఎముకలు అతుక్కుని కదలని పాదాలు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అతి ముఖ్యమైన మలుపు ఇదే, కానీ దుకాణం దాకా అది చేరలేదు.

మరి ఇన్సోల్ దండగేనా? కాదు. అది వంపుని లేపి నిలబెట్టదు. బరువు ఒకచోట పడకుండా పక్కకి పంచుతుంది. మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా సాగే ప్లాంటార్ ఫేషియా అనే గట్టి పట్టీకి నొప్పి వచ్చినప్పుడు ఈ పంపకం కొంత ఉపయోగపడుతుంది. ఈ నొప్పి గుర్తు తేలిక: పొద్దున మంచం దిగి వేసే మొదటి నాలుగడుగులు మడమలో గుచ్చుకుంటాయి, నడిచాక సర్దుకుంటుంది. ఆస్ట్రేలియాలో 135 మందిపై చేసి 2006లో ప్రచురించిన పరీక్షలో కొందరికి పల్చని ఉత్తుత్తి ఇన్సోల్, కొందరికి రెడీమేడ్‌ది, కొందరికి పాదం అచ్చు తీసి చేసినది ఇచ్చారు. మూడు నెలలకి తర్వాతి రెండు గుంపులకీ పాదంతో చేసుకునే పనులు కొద్దిగా తేలికయ్యాయి. ఏడాదికి మూడు గుంపులూ ఒకేలా ఉన్నాయి. ఖరీదైన అచ్చు రెడీమేడ్ కన్నా మెరుగని తేలలేదు.

నాకు తెలిసిన ఒక నర్సుకి ఇదే నొప్పి. గట్టి ఆర్చ్ సపోర్ట్ కొని, షూలో ఉన్న పాత అట్ట తీయకుండా దాని మీదే పెట్టుకుంది. మొదటి రోజే పూర్తి షిఫ్టు. సాయంత్రానికి బొటనవేలి గోరు కందిపోయింది, మడమ షూలోంచి పైకి జారుతోంది, పాదం మధ్యలో కొత్త నొప్పి. అడుగున మందం పెరిగేసరికి షూలో చోటు తగ్గింది, బరువంతా ఆ గట్టి మిట్ట మీద పడింది. పాత అట్ట తీసేసి, కాస్త మెత్తటిది పెట్టి, మొదట రోజుకి గంటా రెండు గంటలే వేసుకుని, వారం రోజుల్లో పెంచుకుంటూ పోయింది. దాంతోపాటు పిక్కని సాగదీసే వ్యాయామం చేసింది. రెండు నెలలకి పొద్దుటి నొప్పి బాగా తగ్గింది. ఎంచుకునేటప్పుడు చూసుకోవాల్సింది ఒక్కటే: వేసుకున్న క్షణం నుంచే హాయిగా ఉండాలి. "అలవాటైతే సర్దుకుంటుందిలే" అని నొప్పి భరించకూడదు.

ఇక పనిచేయని చోట్లు. సాయంత్రానికి కాళ్లు బరువెక్కి చీలమండలు వాచడం వంపు గొడవ కాదు. కదలకుండా నిలబడితే పిక్క కండరం రక్తాన్ని పైకి తోయదు, అది కిందే నిలిచిపోతుంది. దానికి మధ్యమధ్యలో నడవడం, కూర్చోవడం, బిగుతు మేజోళ్లు ఉపయోగపడతాయి గానీ ఇన్సోల్ కాదు. నడుము నొప్పి రాకుండా ఇన్సోల్ ఆపుతుందన్నదీ పరీక్షల్లో నిలబడలేదు. మడమను రెండు పక్కల నుంచి నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి వస్తే ఎముకలో సన్నటి పగులు ఉండొచ్చు, ఆగకుండా డాక్టర్‌కి చూపించాలి. షుగర్ ఉండి అరికాలు మొద్దుబారినవాళ్లు గట్టి ఇన్సోల్ సొంతంగా పెట్టుకోకూడదు. అది ఒరిసి పుండు పడినా వాళ్లకి తెలియదు.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పిపోయేది ఇంకొకటి. నడివయసులో ఒక్క కాలి వంపే కొత్తగా కుంగుతూ, లోపలి చీలమండ వెనక నొప్పి, వాపు వస్తే, గోడ పట్టుకుని ఆ ఒక్క కాలి మీద నిలబడి మడమ పైకెత్తి చూడాలి. ఎత్తలేకపోతే, లేదా ఎత్తినా మడమ లోపలికి తిరగకపోతే, వంపుని మోసే స్నాయువు దెబ్బతింటోందన్నమాట. అక్కడ దుకాణంలో దొరికే ఇన్సోల్‌తో నెలలు గడిపేస్తే మొదట్లో మెత్తగా ఉన్న పాదం బిగుసుకుపోతుంది, అప్పుడు ఆపరేషన్ కూడా పెద్దదే అవుతుంది.