యూరియా, క్రియాటినిన్ నిష్పత్తి: రెండు కొలతల మధ్య చిక్కు

విశాఖపట్నంలో మే నెల ఉక్కపోతలో పనిచేస్తూ, రెండు రోజుల వాంతులు, విరేచనాలతో ఆసుపత్రికి చేరిన కూలీ ఒకరిని ఉదాహరణగా తీసుకుందాం. ల్యాబ్ రిపోర్టులో బ్లడ్ యూరియా 64, క్రియాటినిన్ 1.4 మిల్లీగ్రాములు, భాగిస్తే దాదాపు 46. నిష్పత్తి 20 దాటితే డీహైడ్రేషన్, 30 దాటితే జీర్ణకోశం పైభాగంలో రక్తస్రావం అనుమానించాలని చదువుకున్న యువ వైద్యుడు ఎండోస్కోపీకి రాయబోతాడు. కానీ ఆ 20, 30 అనే హద్దులు యూరియావి కావు, యూరియాలోని నైట్రోజన్‌వి.

ఈ తేడాకు మూలం పాత ప్రయోగశాలల్లో ఉంది. 1913లో మార్షల్ అనే శాస్త్రవేత్త సోయాబీన్‌లోని యూరియేజ్‌తో యూరియాను విడగొట్టి, వెలువడిన అమోనియాను కొలిచారు. అమోనియాను కొలిచినవారికి నైట్రోజన్ లెక్కే సహజం కనుక అమెరికాలో బ్లడ్ యూరియా నైట్రోజన్, అంటే బీయూఎన్ రాసే పద్ధతి స్థిరపడింది. మన ల్యాబ్‌లు చాలావరకు మొత్తం యూరియానే రాస్తాయి. యూరియా అణుభారం 60, అందులో నైట్రోజన్ 28. కాబట్టి యూరియాను 2.14తో భాగించాలి. అలా చేస్తే పై కూలీ బీయూఎన్ 30, నిష్పత్తి 21. అది డీహైడ్రేషన్‌కు సరిపోయే అంకె.

ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండం ఉప్పును, నీటిని వెనక్కి లాక్కుంటుంది; వాటితోపాటు యూరియా కూడా రక్తంలోకి తిరిగి వస్తుంది, క్రియాటినిన్ అలా రాదు. రక్తస్రావంలో దీనికి మరో కారణం తోడవుతుంది: పేగులో చేరిన రక్తం అరిగి, దాని ప్రొటీన్ కాలేయంలో యూరియాగా మారుతుంది. హిమోగ్లోబిన్‌లో ఐసోల్యూసిన్ దాదాపు లేనందువల్ల ఆ ప్రొటీన్ శరీర నిర్మాణానికి పెద్దగా పనికిరాక, ఎక్కువభాగం యూరియాగానే పోతుంది. పెద్దపేగులో కారిన రక్తానికి అరిగే అవకాశం లేదు గనుక అక్కడి రక్తస్రావంలో నిష్పత్తి అంతగా పెరగదు.

ఇప్పుడు మోకాళ్ల నొప్పికి నెలల తరబడి మాత్రలు వాడిన డెబ్బై ఏళ్ల పెద్దావిడ సంగతి చూద్దాం. యూరియా 96, క్రియాటినిన్ 1.2. బీయూఎన్ 45, నిష్పత్తి 37. ఆమెను తారులాంటి నల్లటి విరేచనం గురించి తప్పక అడగాలి. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారా అని కూడా, ఎందుకంటే వాటివల్లా మలం నల్లబడుతుంది. మొదటి గంటల్లో హిమోగ్లోబిన్ మామూలుగా కనిపించవచ్చు, రక్తం పలచబడేందుకు సమయం పడుతుంది కనుక. కొన్ని గంటల తరువాత మళ్లీ పరీక్షిస్తే తగ్గుదల బయటపడుతుంది. కూలీకి ఇది తారుమారు: చిక్కబడిన రక్తంలో హిమోగ్లోబిన్ ముందు ఎక్కువగా ఉండి, సెలైన్ తరువాత మామూలు స్థాయికి వస్తుంది, యూరియా కూడా ఒకటి రెండు రోజుల్లో దిగుతుంది.

ఈ నిష్పత్తిని నేను అనుమానానికే వాడతాను, నిర్ధారణకు కాదు. కండ తగ్గిన వృద్ధుల్లో క్రియాటినిన్ తక్కువగా ఉండి నిష్పత్తి ఊరికే పెరుగుతుంది, స్టెరాయిడ్లూ అదే పని చేస్తాయి. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బులో క్రియాటినిన్ ముందే పెరిగి ఉంటుంది, కాలేయం దెబ్బతిన్నవారిలో యూరియా తయారీయే తగ్గుతుంది. ఈ ఇద్దరిలోనూ నిజమైన రక్తస్రావం 30కి లోపల దాక్కోగలదు.